స్టూడియో ‘టచప్’ వీసాకు పనికిరాదు

పెళ్లిచూపుల ఫొటో తీసినట్టే వీసా ఫొటో కూడా తీస్తారు మన స్టూడియోల్లో. అడగకపోయినా రంగు ఒక మెట్టు పెంచి, బుగ్గ మీది పుట్టుమచ్చ చెరిపి ఇస్తారు. అమెరికా వీసాకు ఆ ప్రేమే ముప్పు. ముఖం రూపాన్ని మార్చే ఏ దిద్దుబాటూ అక్కడ కుదరదు. గోడ నీడను చెరిపి వెనక తెలుపు అతికించడమూ ప్రమాదమే. జుట్టు అంచులు కత్తిరించినట్టు కనిపిస్తే అనుమానం వస్తుంది. తెల్లగోడకు రెండు మూడడుగులు ముందు నిలబడి, కిటికీ వెలుగు ముఖంపై సమంగా పడేలా మళ్లీ తీయించుకోవడం మేలు.

మరి ఏం చేయొచ్చు? చతురస్రంగా కత్తిరించవచ్చు, కొలత తగ్గించవచ్చు, ఫైలును 240 కిలోబైట్లలోపు కుదించవచ్చు. 1200 పిక్సెళ్ల చతురస్రం తీసుకుంటే, గడ్డం నుంచి నడినెత్తి దాకా తల 600 నుంచి 828 పిక్సెళ్ల మధ్య ఉండాలి. దగ్గరగా తీసిన సెల్ఫీలో తల చుట్టూ చోటే మిగలదు, అందుకే ఎంత కత్తిరించినా కొలత కుదరదు. మరీ కుదిస్తే ముఖం గళ్లుగళ్లుగా మారుతుంది. అదీ తిరస్కరణకు కారణమే. కళ్లద్దాలు మాత్రం ముందే తీసేయండి, 2016 నవంబరు నుంచి వాటిని ఒప్పుకోవడం లేదు.