కాటా దగ్గర కొత్త కుర్రాడు

గుంటూరులో ఒక సందు చివర పాత సామాన్ల కొట్టు ఉందనుకోండి. పద్దెనిమిదేళ్లు నిండిన కుర్రాడొకడు అందులో కొత్తగా పనికి చేరాడు. గోడ మీద సుద్దతో రాసిన ధరలు సాయంత్రానికల్లా వాడికి నోటికొచ్చేశాయి.

"ధరలన్నీ వచ్చేశాయి బాబాయ్."

"అవి రేపు మారిపోతాయిరా. చేతిలో ఉన్నది ఏమిటో చెప్పు, ధర నేను చెబుతా."

ఆ మాటలో ఈ వ్యాపారమంతా ఉంది. తుక్కు ఇనుము ధర దాన్ని కరిగించే ఫర్నేసుల గిరాకీని బట్టి, అట్టల ధర కాగితం మిల్లుల కొనుగోలును బట్టి నడుస్తాయి. వాటిని చిన్న కొట్టువాడు మార్చలేడు. అతని చేతిలో ఉన్నదల్లా కొనేటప్పుడు సరుకును సరిగ్గా పోల్చుకోవడమే.

కుర్రాడికి మొదటి దెబ్బ అట్టల దగ్గర తగిలింది. వాన వెలిసిన మర్నాడు ఒక కిరాణా కొట్టు నుంచి వంద కిలోల అట్టపెట్టెలు వచ్చాయి. పైన పొడిగానే ఉన్నాయి, తూచి తీసుకున్నాడు. లెక్క తేలిగ్గా ఉండడానికి కొన్న ధర కిలో 8 రూపాయలు, మిల్లు ఇచ్చే ధర 10 రూపాయలు అనుకుందాం. 800 పెట్టి కొన్న సరుకుకు 200 మిగలాలి. మిల్లులో పరీక్ష చేస్తే తేమ నూటికి 20 పాళ్లు తేలింది. వాళ్లు ఒప్పుకునేది 10 పాళ్లే అనుకుంటే, వంద కిలోల్లో అసలు అట్ట 80 కిలోలు, ఒప్పుకున్న తేమతో కలిపినా దాదాపు 89 కిలోలకే డబ్బు వస్తుంది. అంటే 890 రూపాయలు. మిగిలింది 90, అందులోంచే బండి కిరాయి కూడా పోవాలి.

"కట్ట నడిమికి చెయ్యి పెట్టి చూశావా?" అన్నాడు యజమాని. లోపల చల్లగా తగిలితే నీరుందన్నమాట. పొడి అట్టను మడిస్తే ఫెళ్లుమంటుంది, తడిది చప్పుడు లేకుండా వంగిపోతుంది. పాత పెళ్లి శుభలేఖల్ని చింపి చూడడం కూడా ఆ వారమే నేర్పాడు. చిరుగు అంచున సన్నని ప్లాస్టిక్ పొర సాగుతూ కనిపిస్తే ఆ కార్డు మామూలు కాగితాల కుప్పలోకి వెళ్లకూడదు. నీళ్లలో కాగితం గుజ్జవుతుంది, ఆ పొర అవదు.

ప్లాస్టిక్ దగ్గర కంటిని నమ్మడం ఇంకా కష్టం. అందుకే కొట్టు వెనక ఒక బకెట్ నీళ్లు ఉంటాయి. చిన్న ముక్క కత్తిరించి, గాలిబుడగలు అంటుకోకుండా నీళ్లలో చుక్క సబ్బు వేసి, లోపలికి ముంచి వదలాలి. షాంపూ డబ్బా తేలుతుంది. మంచినీళ్ల సీసా మునుగుతుంది, దాని మూత తేలుతుంది. పీవీసీ పైపు ముక్కా మునుగుతుంది. చిక్కు ఇక్కడే ఉంది. సీసాలు, పీవీసీ రెండూ మునిగేవే కాబట్టి నీళ్లు వాటిని విడదీయలేవు. సీసాల ముక్కల్ని కరిగించే వేడికి అందులో కలిసిన పీవీసీ చెడి ఆమ్లం వదులుతుంది, సరుకంతా పసుపెక్కుతుంది. కాబట్టి పీవీసీని ముందే చేత్తో ఏరాలి. కాల్చి వాసన చూసే అలవాటు కొందరికి ఉంది. పీవీసీ పొగ ఊపిరితిత్తులకు చేటు, ఆ పద్ధతి మానేయాలి.

బకెట్ కూడా ఒక్కోసారి తప్పు చెబుతుంది. చవక కుర్చీల ప్లాస్టిక్‌లో సుద్దలాంటి పొడి బాగా కలిపితే, తేలాల్సిన రకం మునిగిపోతుంది. అలాంటిది విరిగిన చోట తెల్లగా, గరుకుగా ఉంటుంది.

ఇనుముకు అయస్కాంతం చాలుననుకున్నాడు కుర్రాడు. అది రేకుకూ, చువ్వకూ, బీడుకూ ఒకేలా అంటుకుంటుంది, వాటి ధరలు మాత్రం వేరు. సుత్తితో కొడితే రేకు వంగుతుంది, బీడు పగిలి లోపల బూడిదరంగు రవ్వ కనిపిస్తుంది. మంచి స్టీలు గిన్నెకు అయస్కాంతం అంటుకోదు, కానీ తక్కువ రకాల స్టీళ్లు కొన్నింటికీ అంటుకోదు. అక్కడ అనుభవజ్ఞుణ్ణి అడగాల్సిందే.

ఇక కాటా ఎక్కకూడనివి కొన్ని ఉన్నాయి. 2010లో ఢిల్లీ మాయాపురి తుక్కు బజారుకు ఢిల్లీ విశ్వవిద్యాలయం వేలంలో అమ్మిన పాత పరికరం ఒకటి వచ్చింది. అందులో కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక పదార్థం ఉందని తెలియక కార్మికులు దాన్ని విప్పారు. చాలామంది జబ్బుపడ్డారు, ఒకరు చనిపోయారు. అందుకే, సైజుకు మించిన బరువుతో, అన్ని వైపులా మూసి ఉన్న లోహపు పెట్టె ఎవరైనా తెస్తే కుర్రాడు ఇప్పుడు ధర చెప్పడు. దాన్ని కోయనివ్వడు, దగ్గరున్నవాళ్లను దూరం పంపి యజమానికి ఫోన్ చేస్తాడు. ఆయన పోలీసులకు చేస్తాడు.