గడువులోనే తేలిపోయే తగవు

ఒకప్పుడు పారిస్‌లో మెక్‌డొనాల్డ్స్ నడిపే హక్కు రేమండ్ దయాన్ అనే వ్యాపారి ఒక్కరికే ఉండేది. 1971లో కుదిరిన ఆ ఒప్పందం ఆయనకు బాగా కలిసొచ్చింది. కంపెనీ మిగతావాళ్ల దగ్గర అమ్మకాలపై 3 శాతం రాయల్టీ తీసుకుంటుంటే ఆయన కట్టాల్సింది 1 శాతమే. అయితే నాణ్యత, సేవ, శుభ్రత విషయంలో కంపెనీ ప్రమాణాలు తప్పకూడదన్నది షరతు. తనిఖీలకు వెళ్లిన అధికారులకు అక్కడ మురికీ జిడ్డూ కనిపించాయి. సరిదిద్దుకోమని గడువిచ్చారు. మళ్లీ వెళ్తే తీరు మారలేదు. చివరికి కంపెనీ ఫ్రాంచైజీ రద్దు చేసింది. దయాన్ అమెరికాలోని ఇల్లినాయి కోర్టుకెక్కారు.

‘నాణ్యత ఒక సాకు మాత్రమే. లాభాలొచ్చే పారిస్‌ను చౌకగా ఇచ్చేశామని కంపెనీకి ఇప్పుడు దుగ్ధ’ అన్నది ఆయన వాదన. 1984లో అప్పీలు కోర్టు దాన్ని ఒప్పుకోలేదు. రద్దుకు సరైన కారణం రుజువైనప్పుడు, కంపెనీ మనసులో ఇంకేముందన్నది లెక్కలోకి రాదని తేల్చింది. కంపెనీ గెలిచిందంటే తనిఖీల రికార్డు, ఇచ్చిన గడువులు దాని చేతిలో ఉండబట్టే. ఫ్రాంచైజీ రద్దు తగవుల్లో గెలుపోటములు ఎక్కువగా ఆ గడువు రోజుల్లోనే ఖాయమవుతాయి.

మన దగ్గర ఇలాంటి నోటీసు ఎలా ఉంటుందో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. విజయవాడలో ఒకాయన ఓ బ్రాండు పేరుతో చికెన్ ఫ్రై సెంటర్ పెట్టాడు. తనిఖీకి వచ్చిన మనిషి వేడి నూనెలో మీటరు ముంచితే 28 అని చూపించింది. నూనెను పదేపదే మరిగిస్తే పోలార్ పదార్థాలు పెరుగుతాయి. అవి 25 శాతం దాటిన నూనెను వాడకూడదన్నది ఆహార భద్రతా సంస్థ నిబంధన. నాలుగు నెలల్లో ఇలా దొరకడం ఇది మూడోసారి.

‘మీ దుకాణంలో నాణ్యత బాగాలేదు’ అని రాసి పంపే నోటీసు కోర్టులో నిలబడటం కష్టం. ఏ తేదీన ఏ కళాయిలో మీటరు ఎంత చూపించింది, అది అగ్రిమెంటులో ఏ క్లాజుకు విరుద్ధం, పాత రెండు తనిఖీల్లో ఏం దొరికింది అన్నవి ఫొటోలతో సహా ఉండాలి. ఆ తర్వాత చేయాల్సిన పనులు వరుసగా రావాలి. ఉన్న నూనె వెంటనే పారబోయాలి. రోజుకు రెండుసార్లు రీడింగు తీసి పుస్తకంలో రాయాలి. వంటవాళ్లకు ఫలానా తేదీలోపు మళ్లీ శిక్షణ ఇప్పించాలి. వీటికి 30 రోజుల గడువు ఇస్తున్నామని, ఎప్పుడైనా చెప్పకుండా తనిఖీకి వస్తామని, అప్పుడు మీటరు ఎంతలోపు చూపిస్తే తప్పు సరిదిద్దినట్టు లెక్కో కూడా రాయాలి. ఈ చివరి మాట లేకపోతే ‘నేను సరిదిద్దాను’, ‘లేదు, నువ్వు సరిదిద్దలేదు’ అన్న వాదన ఎప్పటికీ తెగదు.

చిక్కంతా పదేపదే జరిగే తప్పుతోనే. నోటీసు రాగానే కొత్త నూనె పోస్తారు, తనిఖీ దాటుతుంది, నెల తిరగకముందే మళ్లీ పాత కథే. అందుకే చాలా అగ్రిమెంట్లలో ఏడాదిలో ఇన్నిసార్లు అదే తప్పు జరిగితే ఇక గడువు ఇవ్వకుండానే రద్దు చేయవచ్చన్న క్లాజు ఉంటుంది. సంతకం పెట్టేముందు చాలామంది చదవకుండా వదిలేసే క్లాజు ఇదే. కంపెనీ వైపూ ఒక ప్రమాదముంది. తప్పులు తెలిసీ కిమ్మనకుండా నెలనెలా రాయల్టీ తీసుకుంటూ పోతే, ‘ఇన్నాళ్లూ మీరే ఒప్పుకున్నారుగా’ అని అవతలివాళ్లు అడ్డం తిరగవచ్చు.

నోటీసు అందుకున్నవారు మౌనంగా కూర్చోకూడదు. నూనె కొన్న బిల్లులు, రోజువారీ రీడింగులు, శిక్షణకు వచ్చినవారి సంతకాలు జతచేసి గడువులోపే రాతపూర్వకంగా జవాబివ్వాలి. తనిఖీ మీటరు మీదే అనుమానముంటే అప్పుడే చెప్పి, నమూనాను ల్యాబుకు పంపమని అడగాలి.

గడువు దాటాక దారులు ఇరుకవుతాయి. మన దేశంలో ఫ్రాంచైజీలకంటూ ప్రత్యేక చట్టం లేదు. అగ్రిమెంటు, కాంట్రాక్టు చట్టం, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టాలే దిక్కు. 1990లో ఇండియన్ ఆయిల్‌కూ అమృత్‌సర్‌లోని ఒక గ్యాస్ ఏజెన్సీకీ నడిచిన కేసులో, ఏజెన్సీ రద్దు సరికాదన్న మధ్యవర్తి నిర్ణయాన్ని సుప్రీంకోర్టు తప్పుపట్టలేదు. అయినా ఏజెన్సీని తిరిగి ఇప్పించలేదు. 30 రోజుల నోటీసుతో ఎవరైనా తెంచుకోగల ఒప్పందం కాబట్టి ఆ 30 రోజుల నష్టపరిహారమే దక్కుతుందంది. అంటే మీ అగ్రిమెంటులోనూ అలాంటి క్లాజుంటే, కేసు గెలిచినా దుకాణం వెనక్కి రాకపోవచ్చు. దాన్ని నిలబెట్టుకునే అవకాశం ఆ 30 రోజుల గడువులోనే ఉంటుంది.