నెట్ కనెక్షన్ తీయించేయడానికి ఒక ఈమెయిల్

ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ పెట్టించుకోవడానికి ఒక ఫోన్ కాల్ చాలు. తీయించేయడానికి అది సరిపోదు. పోస్ట్‌పెయిడ్ కనెక్షన్ అంటే కంపెనీకీ వినియోగదారుకూ మధ్య నడుస్తున్న ఒప్పందం. ఎవరో ఒకరు ముగిస్తున్నామని చెప్పేదాకా అది నెలనెలా దానంతటదే కొనసాగుతుంది. వైఫై బాక్సు స్విచ్ ఆపేసినా, ఇల్లు ఖాళీ చేసినా, బిల్లు కట్టడం మానేసినా ఒప్పందం ముగిసినట్టు కాదు. బిల్లు కట్టకపోతే కొన్నాళ్లకు కంపెనీ లైను ఆపుతుంది కానీ, ఈలోగా పేరుకున్న మొత్తాన్ని బకాయి కింద రాసుకుంటుంది. వసూలు ఏజెంట్ల ఫోన్లు మొదలయ్యేది అక్కడి నుంచే. అందుకే ముగింపును రాతపూర్వకంగా చెప్పాలి, దానికి రాతపూర్వకంగానే జవాబు తీసుకోవాలి. ఈ పనికి అందుబాటులో ఉన్న సులువైన సాధనం ఈమెయిల్.

ఏ చిరునామాకు పంపాలి

కనెక్షన్ ఇచ్చేటప్పుడు పంపిన నిబంధనల పత్రంలోనో, నెలవారీ బిల్లు వెనక పేజీలోనో రద్దుకు సంబంధించిన భాగం ఉంటుంది. ముందుగా చూడాల్సింది దాన్నే. రద్దు కోరే మెయిల్ ఏ చిరునామాకు పంపాలి, ఎన్ని రోజుల ముందు చెప్పాలి, కనీస కాలపరిమితి ఏమైనా ఉందా అన్న మూడు సంగతులు అక్కడ తెలుస్తాయి. కొన్ని కంపెనీలు యాప్‌లోనో, ఫారం మీదో మాత్రమే రద్దు తీసుకుంటామని రాస్తాయి. అలాంటప్పుడు అక్కడ చెప్పిన పద్ధతి పాటిస్తూనే, అదే సంగతి మెయిల్‌లో కూడా పంపితే చేతిలో రుజువు ఉంటుంది.

చిరునామా విషయంలో చట్టం చెప్పేది కూడా ఉంది. ఈమెయిల్ ఎప్పుడు అందినట్టు లెక్క అన్నది సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 13వ సెక్షన్ తేలుస్తుంది. ఇరుపక్షాలూ వేరేగా ఒప్పుకోకపోతే వర్తించే సూత్రం ఇది: అవతలివారు ఫలానా చిరునామాకు పంపమని చెప్పి ఉంటే, మెయిల్ అక్కడికి చేరిన క్షణమే వారికి అందినట్టు. చెప్పిన చోటికి కాకుండా వారిదే మరో చిరునామాకు పంపితే, వారు దాన్ని తీసుకున్నప్పుడు మాత్రమే అందినట్టు. నోటీసు గడువు మెయిల్ అందిన రోజు నుంచి మొదలవుతుంది కాబట్టి ఈ తేడాకు డబ్బు విలువ ఉంది. నెలనెలా బిల్లు వచ్చే మెయిల్‌కే జవాబు కొట్టి ఊరుకోవడం చాలామంది చేసే పొరపాటు. ఆ చిరునామా చాలాసార్లు పంపడానికే తప్ప అందుకోవడానికి పనికిరాదు.

పంపేది కూడా కంపెనీ దగ్గర నమోదైన మెయిల్ నుంచే కావాలి. కనెక్షన్ తండ్రి పేరు మీద ఉండి, కొడుకు తన మెయిల్ నుంచి రాస్తే, ఖాతాదారు రాయలేదన్న కారణంతో పక్కన పెట్టేస్తారు. కనెక్షన్ ఇచ్చిన వీధి ఆపరేటర్‌తో చెబితే సరిపోతుందని అనుకోవడమూ అంతే. ‘నేను చూసుకుంటా సార్’ అన్న అతని మాట కంపెనీ రికార్డుల్లోకి ఎక్కదు.

ఏ తేదీ నుంచి రద్దు

మెయిల్ మొత్తంలో కీలకం రద్దు అమల్లోకి వచ్చే తేదీ. ‘వీలైనంత త్వరగా ఆపండి’ అని రాస్తే ఆ తేదీని కంపెనీ తన వీలునుబట్టి వేసుకుంటుంది. తేదీ నిర్ణయించడానికి రెండు లెక్కలు కలిపి చూడాలి. ఒకటి నోటీసు గడువు, రెండోది బిల్లు చక్రం.

ఉదాహరణకు విజయవాడలో అద్దెకుంటున్న ఒక కుటుంబం జూన్ 28న ఇల్లు ఖాళీ చేసి వేరే ఊరు వెళ్తోందనుకుందాం. నెలకు 699 రూపాయల ప్లాను, 18 శాతం జీఎస్టీతో 824.82 రూపాయలు. బిల్లు చక్రం ప్రతి నెలా 6 నుంచి మరుసటి నెల 5 వరకు. నిబంధనల్లో 30 రోజుల నోటీసు అని ఉంది. కనెక్షన్ తీసుకున్నప్పుడు 1,500 రూపాయల డిపాజిట్ కట్టారు.

జూన్ 2న మెయిల్ పంపితే 30 రోజులు జూలై 2కు పూర్తవుతాయి. బిల్లు చక్రం జూలై 5న ముగుస్తుంది కాబట్టి ఆ రోజునే రద్దు తేదీగా రాస్తే లెక్క తెగిపోతుంది. చివరి బిల్లు 824.82 రూపాయలు డిపాజిట్‌లో సర్దుబాటు చేస్తే, 675.18 రూపాయలు వెనక్కి రావాలి. అదే మెయిల్ జూన్ 10న పంపితే నోటీసు జూలై 10 దాకా సాగుతుంది. అంటే కొత్త చక్రంలో అయిదు రోజులు పడతాయి. ఆ అయిదు రోజులకే లెక్కగట్టే కంపెనీ అయితే నష్టం కొద్దిపాటిదే. చక్రం మొత్తానికీ బిల్లు వేసే నిబంధన ఉంటే మరో 824.82 రూపాయలు పోయినట్టే.

ఈ ఉదాహరణలో ఇంకో చిక్కు ఉంది. ఒప్పందం జూలై 5న ముగుస్తుంది, ఇల్లు మాత్రం జూన్ 28నే ఖాళీ అవుతుంది. తాళం వేసిన ఇంటికి వైఫై బాక్సు తీసుకెళ్లే మనిషి వచ్చి ప్రయోజనం లేదు. కాబట్టి మెయిల్‌లో రెండు తేదీలు విడివిడిగా రాయాలి: పరికరాలు తీసుకెళ్లాల్సింది జూన్ 27న, బిల్లు ఆగాల్సింది జూలై 5న. తేదీలో నెలను అక్షరాల్లో రాయడం మేలు. 05/07 అని రాస్తే కొందరు జూలై 5 అనుకుంటారు, కొందరు మే 7 అనుకుంటారు.

మెయిల్‌లో ఏముండాలి

కంపెనీలో మెయిల్ చదివే ఉద్యోగి మొదట వెతికేది ఖాతా ఎవరిదన్నది. కస్టమర్ ఐడీ, ఖాతాదారు పేరు బిల్లులో ఉన్నట్టే, కనెక్షన్ ఉన్న చిరునామా, నమోదైన మొబైల్ నంబరు ఉంటే చాలు. వీటికి వైఫై బాక్సు అడుగున స్టిక్కర్ మీద ఉండే సీరియల్ నంబరు చేర్చాలి. పరికరం ఇవ్వలేదనో, ఇచ్చింది వేరేదనో తర్వాత డిపాజిట్‌లో కోత పెడితే వాదించడానికి ఆధారం అదే. ఆధార్ కాపీ, కార్డు పూర్తి నంబరు, ఓటీపీ, పాస్‌వర్డ్ ఏ రద్దుకూ మెయిల్‌లో పంపాల్సిన పని లేదు. డిపాజిట్ వాపసుకు బ్యాంకు ఖాతా వివరాలు కావాలంటే వాళ్లు అడిగినప్పుడు ఇవ్వవచ్చు.

సబ్జెక్ట్ లైనులోనే విషయం తేలిపోవాలి. చాలా కంపెనీల్లో ఈ మెయిళ్లు చదివేవాళ్లు వేరే రాష్ట్రంలో కూర్చుంటారు కాబట్టి ఇంగ్లిషులో రాయడం మామూలు. ఏ భాషలో రాసినా అందులోని సంగతి ఇలా ఉంటుంది:

సబ్జెక్ట్: బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్ శాశ్వత రద్దు – కస్టమర్ ఐడీ 40017725 – 2025 జూలై 5 నుంచి

అయ్యా, పై కస్టమర్ ఐడీతో నా పేరు మీద ఉన్న కనెక్షన్‌ను శాశ్వతంగా రద్దు చేయవలసిందిగా కోరుతున్నాను. నిబంధనల ప్రకారం ఈ మెయిల్‌ను 30 రోజుల నోటీసుగా పరిగణించండి. బిల్లింగ్ 2025 జూలై 5తో ఆగిపోవాలి. వైఫై బాక్సు, అడాప్టర్ 2025 జూన్ 27న మా ఇంటి నుంచి తీసుకెళ్లి రసీదు ఇవ్వగలరు. చివరి బిల్లును డిపాజిట్‌లో సర్దుబాటు చేసి మిగిలిన మొత్తం వాపసు ఇవ్వండి. జూలై 5 తర్వాత ఆటోపే ద్వారా ఎలాంటి మొత్తం తీసుకోవడానికి నా అనుమతి లేదు. రద్దు తేదీ, చివరి బిల్లు మొత్తం, డిపాజిట్ వాపసు తేదీ తెలుపుతూ ఏడు రోజుల్లోగా ఇదే మెయిల్‌కు రాతపూర్వకంగా ధ్రువీకరించగలరు.

దీని కింద పేరు, చిరునామా, మొబైల్, పరికరం సీరియల్ నంబరు ఉంటాయి. ఎందుకు మానేస్తున్నారో రాయనక్కర్లేదు. కారణం రాస్తే దానికి పరిష్కారం చూపించే ఫోన్ వస్తుంది. ‘శాశ్వత’ అన్న మాట మాత్రం తప్పదు. అది లేకపోతే తాత్కాలిక నిలుపుదల కింద నమోదు చేసే వీలుంటుంది. అలా నమోదైతే కొన్నాళ్లకు బిల్లు మళ్లీ మొదలవుతుంది.

ధ్రువీకరణ అంటే ఏది

మెయిల్ పంపిన కాసేపటికి ‘మీ అభ్యర్థన అందింది, టికెట్ నంబరు ఇదీ’ అని ఆటోమేటిక్ జవాబు వస్తుంది. చాలామంది దీంతో పని అయిపోయిందనుకుంటారు. మెయిల్ చేరిందనడానికి మాత్రమే అది ఆధారం, రద్దు ఒప్పుకున్నారనడానికి కాదు. అసలైన ధ్రువీకరణలో రద్దు తేదీ, ఇంకా కట్టాల్సింది ఎంత, వెనక్కి రావాల్సింది ఎంత అన్నవి ఉండాలి. ‘మీ టికెట్ క్లోజ్ అయింది’ అన్న మెసేజ్ కూడా అంత నమ్మదగింది కాదు. ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదన్న కారణంతో కూడా టికెట్‌ను మూసేస్తుంటారు.

ఈ మధ్యలో ఆఫర్ ఇస్తామంటూ కస్టమర్ కేర్ నుంచి ఫోన్ వస్తుంది. మూడు నెలలు సగం ధరకే ఇస్తామంటే మాటవరసకు ‘సరే చూద్దాం’ అన్నా, దాన్ని రద్దు ఉపసంహరణగా రాసుకునే ప్రమాదం ఉంది. ఫోన్‌లో ఏం మాట్లాడినా, అదే రోజు పాత మెయిల్ కిందే ‘రద్దు కోరిక మారలేదు’ అని ఒక వాక్యం పంపితే రికార్డు చెదరదు. ప్రతి జవాబూ అదే మెయిల్ వరుసలో ఉంచాలి. కొత్తగా మొదలుపెడితే కొత్త టికెట్ పుట్టి, నోటీసు తేదీ దగ్గరే గొడవ వస్తుంది.

ఆటోపేను బ్యాంకు వైపు నుంచో, యూపీఐ యాప్‌లోనో వేరుగా ఆపాలి. దానికి సరైన సమయం చివరి బిల్లు తేలిన తర్వాత. ముందే ఆపితే చివరి బిల్లు బకాయిగా మిగులుతుంది. ఆటోపే ఆపినంత మాత్రాన ఒప్పందం రద్దు కాదు. ఒప్పందం రద్దు చేసినంత మాత్రాన బ్యాంకులో ఇచ్చిన అనుమతి దానంతటది పోతుందన్న భరోసా కూడా లేదు.

జవాబు రాకపోతే

అడిగిన గడువు దాటితే అదే మెయిల్ వరుసలో ఒకసారి గుర్తుచేసి, కంపెనీ ఫిర్యాదుల కేంద్రంలో ఫిర్యాదు నమోదు చేసి డాకెట్ నంబరు తీసుకోవాలి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012లో తెచ్చిన నిబంధనల ప్రకారం టెలికాం, బ్రాడ్‌బ్యాండ్ కంపెనీలకు రెండంచెల ఫిర్యాదు వ్యవస్థ ఉండాలి. మొదటి అంచె ఆ ఫిర్యాదుల కేంద్రం. అక్కడ తేలకపోతే కంపెనీలోనే ఉండే అప్పిలేట్ అథారిటీకి అప్పీలు చేసుకోవచ్చు. దీనికి రుసుము లేదు, 39 రోజుల్లోగా తేల్చాలి. ట్రాయ్ వ్యక్తుల ఫిర్యాదులను నేరుగా విచారించదు కాబట్టి అక్కడికి రాస్తే కాలం గడవడమే తప్ప పని జరగదు.

ఇంకో దారి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, నంబరు 1915. అక్కడి నుంచి కంపెనీకి ఫిర్యాదు వెళ్తుంది కానీ, ఆ హెల్ప్‌లైన్ తీర్పు చెప్పదు. తీర్పు కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కే వెళ్లాలి. వివాదం పుట్టిన నాటి నుంచి రెండేళ్లలోగా అక్కడ ఫిర్యాదు వేయాలని 2019 వినియోగదారుల రక్షణ చట్టం చెబుతుంది. అందువల్ల రద్దు మెయిల్, దానికొచ్చిన జవాబులు, పరికరం అప్పగించిన రసీదు, ఆఖరి బిల్లు కనీసం ఆ రెండేళ్లూ చెరిపేయకుండా ఉంచుకోవాలి.