హాలు చూడ్డానికి ఏ వేళకు వెళ్లాలి?

ఫంక్షన్ హాలు చూడ్డానికి చాలామంది ఆదివారం పొద్దున వెళ్తారు. పెళ్లేమో రాత్రి ముహూర్తానికి. ఖాళీ హాలు పగటి వెలుగులో బాగానే కనిపిస్తుంది. ఇబ్బందులు బయటపడేది జనం నిండినప్పుడే. అందుకే మేనేజరు అనుమతి తీసుకుని, అక్కడ మరో పెళ్లి జరిగే రోజు సాయంత్రం ఏడింటికి వెళ్లడం మంచిది.

ఇరువైపులా ఖర్చుపై మాట ఇవ్వగలిగిన పెద్దలు, ప్లానర్, వీలైతే వంటమేస్త్రి కలిసే రావాలి. మేనమామ విడిగా చూస్తానంటే తేదీ మార్చుకోవడమే నయం. అడ్వాన్సు కట్టాక అభ్యంతరాలు వస్తే ఆ డబ్బు వెనక్కి రావడం కష్టం.

ఎక్కువసేపు ఉండాల్సింది భోజనాల హాల్లో. అతిథులు 600 మంది, బల్లల దగ్గర 200 మందికే చోటు అనుకుందాం. అంటే మూడు బంతులు. వడ్డించి, తిని, ఆకులు తీసేసరికి బంతికి 40 నిమిషాలు. ఎనిమిదింటికి మొదలుపెడితే చివరి బంతి లేచేది పదింటికి. ముహూర్తం తొమ్మిదిన్నరకైతే మూడో బంతివాళ్లకు జీలకర్ర బెల్లం చూసే భాగ్యం ఉండదు. మొదటి బంతి ఏడింటికే వేయొచ్చా అన్నది వంటమేస్త్రి అక్కడే చెప్పాలి.

హాలు ఎన్నింటికి ఖాళీ చేయాలి, జనరేటర్ మీద ఏసీలు నడుస్తాయా, డీజిల్ ఖర్చు ఎవరిది, మంటపంలో హోమం చేసుకోనిస్తారా అన్నవి ప్లానర్ అడగాలి. జవాబులన్నీ అద్దె కాగితంలో రాయించాకే అడ్వాన్సు ఇవ్వాలి.