కందిపొడి పౌచ్‌తో వచ్చిన ఉత్తరం

"అక్కా, ఇది నా మొదటి ప్యాకింగ్ డిజైను. కందిపొడి, 200 గ్రాములు, నిలబడే పౌచ్. బాగుందా అని అడగడం లేదు. సోమవారం ఫైలు సిలిండర్లకు వెళ్తుంది. ఈలోపు ఎక్కడ దెబ్బ తింటానో మొహమాటం లేకుండా చెప్పండి."

మా దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి రాసిన చీటీ ఇది. చాలామంది జూనియర్లు "ఎలా ఉందండీ?" అని స్క్రీన్ చూపిస్తారు. దానికి "బానే ఉందమ్మా" తప్ప వేరే జవాబు రాదు. ఈ అమ్మాయి గడువు చెప్పింది. పౌచ్ ఫిల్మును గ్రావ్యూర్‌లో అచ్చేస్తారు. ఒక్కో రంగుకీ ఒక్కో సిలిండరు, దాని రాగిపూత మీద బొమ్మ చెక్కేస్తారు. ఆ తర్వాత అక్షరం మార్చాలంటే అది ఉన్న ప్రతి సిలిండరూ మళ్లీ చేయించాల్సిందే.

చీటీతోపాటు అసలు కొలతల్లో ప్రింటు తీసి, మడిచి, అతికించి, నిజంగానే కందిపొడి నింపిన నమూనా పంపింది. నాకు అన్నిటికంటే నచ్చింది అదే. బల్ల మీద పెట్టగానే మొదటి తప్పు కనబడింది. పొడి దిగి పొట్ట ఉబ్బింది, అడుగు మడత వెడల్పయింది, 'నెయ్యితో తినండి' అన్న వరస దాని కిందికి జారిపోయింది. పరచిన బొమ్మలో ఆ వరస చక్కగానే ఉంది!

రెండోది బార్‌కోడ్. మిరపపండు రంగుకు నప్పుతుందని గీతలు ఎర్రగా వేసింది. "ఫోన్‌తో చూశానక్కా, చదివింది" అంది. ఫోన్ చదవొచ్చు. దుకాణాల్లో చాలా స్కానర్ల వెలుగు ఎర్రగా ఉంటుంది. ఆ వెలుగులో ఎర్ర గీతా, దాని వెనకున్న తెలుపూ యంత్రానికి ఒకేలా కనిపిస్తాయి. కౌంటర్లో పిల్లాడు అంకెలు చేత్తో కొట్టుకోవాలి. నలుపో ముదురు నీలమో వాడమన్నాను. పక్క సీలుకు ఆనుకుని ఉన్న కోడును లోపలికి జరిపించాను, రెండు వైపులా ఖాళీ లేకపోతే అది ఎక్కడ మొదలైందో యంత్రానికి తెలియదు.

మూడోది తెలుగు వల్ల వచ్చిన చిక్కు. గోధుమరంగు మీద తెల్లటి సన్నక్షరాల్లో పదార్థాల పట్టిక పెట్టింది. ఆ గోధుమరంగు మూడు నాలుగు సిరాలు కలిస్తే వచ్చేది. అచ్చులో ఒక్క సిరా వెంట్రుకవాసి జరిగినా తెల్ల అక్షరం లోపల నిండిపోతుంది. ఇంగ్లీషు అక్షరాలు కొంత తట్టుకుంటాయి కానీ మన ఒత్తులు తట్టుకోవు. 'ఎండుమిర్చి'లో చ ఒత్తు చుక్కలా మిగులుతుంది. లేతరంగు పట్టీ వేసి, పట్టికను ఒక్క నలుపుతోనే అచ్చేయమన్నాను. వరసల మధ్య ఎడం కూడా పెంచమన్నాను, పైవరస ఒత్తు కిందివరస గుడిని తాకుతోంది.

రంగుల గురించి మాత్రం నేనేమీ అనలేదు. ఆఫీసు ప్రింటరు కాగితం మీద చూపే ఎరుపు మెరిసే ఫిల్ము మీద అలాగే రాదు. ప్రెస్ వాళ్ల నమూనా వచ్చాకే మాట్లాడుకుందామన్నాను.

శనివారం మరో పౌచ్ వచ్చింది, ఈసారీ పొడి నింపే. చీటీలో ఒకటే వాక్యం: "బార్‌కోడ్ నలుపు చేశానక్కా, కానీ ఎరుపే బాగుండేది."