అమ్మింది 72,200, బ్యాంకులో పడింది 61,895

మంగళగిరి చీరలను సొంత వెబ్‌సైట్‌లో అమ్మే ఒక చిన్న దుకాణం ఉందనుకుందాం. శుక్ర, శని, ఆదివారాల ఆర్డర్ల పుస్తకంలో మొత్తం 72,200 రూపాయలు కనిపిస్తోంది. మంగళవారం బ్యాంకులో 61,895.20 జమ అయింది. ‘‘డబ్బులు పడ్డాయి’’ అంటూ పేమెంట్ గేట్‌వే యాప్‌లోని స్క్రీన్‌షాట్‌ను యజమాని అకౌంటెంట్‌కు వాట్సాప్‌లో పంపారు. అందులో ఉన్నది ఒక మొత్తం, ఒక తేదీ, `Processed` అనే మాట, అంతే. తేడా 10,304.80. అంటే నూటికి 14 రూపాయలకు పైగా పోయిందన్నమాట. గేట్‌వే 2 శాతమే కదా తీసుకుంటానంది?

ఇలాంటి చోట చాలామంది గేట్‌వేను తిట్టుకుని ఊరుకుంటారు. కొందరైతే ఇంకా పెద్ద తప్పు చేస్తారు. బ్యాంకులో పడిన 61,895నే అమ్మకం కింద రాసేస్తారు. కొనుగోలుదారులకు ఇచ్చిన బిల్లుల మొత్తం ఒకటి, పుస్తకంలోని అమ్మకం మరొకటి అవుతాయి. జీఎస్టీ రిటర్న్‌లో చూపాల్సింది బిల్లుల మొత్తాన్నే కాబట్టి ఆ తేడా తర్వాత ఎప్పుడో నోటీసు రూపంలో బయటపడుతుంది.

మూడు రోజుల అమ్మకం డబ్బు మంగళవారమే ఎందుకు వచ్చిందో ముందు చూద్దాం. కొనుగోలుదారు కట్టిన సొమ్ము నేరుగా దుకాణదారు ఖాతాకు రాదు. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం గేట్‌వే సంస్థ దాన్ని ఒక బ్యాంకులోని ఎస్క్రో ఖాతాలో ఉంచి, ఆ తర్వాత వ్యాపారికి పంపుతుంది. దీనికి చాలా ఒప్పందాల్లో రెండు పనిదినాల గడువు ఉంటుంది. మన ఉదాహరణలోని శనివారం రెండో శనివారం, అంటే బ్యాంకులకు సెలవు. కాబట్టి శుక్రవారం సొమ్ముకు సోమవారం మొదటి పనిదినం, మంగళవారం రెండోది. శని, ఆదివారాల సొమ్ముకూ లెక్క సోమవారమే మొదలవుతుంది. అందుకే మూడు రోజులవీ కలిసి ఒకే మూటగా వచ్చాయి. మంగళవారం అమ్మకాన్ని మంగళవారం జమతో పోల్చి చూసేవారికి ఏనాటికీ లెక్క కుదరదు.

మూటలో ఏముందో స్క్రీన్‌షాట్ చెప్పదు. అది చెప్పాలంటే గేట్‌వే డ్యాష్‌బోర్డులోని సెటిల్‌మెంట్ రిపోర్టును ఫైలుగా దింపుకోవాలి. అందులో ఒక్కో లావాదేవీకి ఒక్కో వరుస ఉంటుంది: ఆర్డర్ నంబరు, పేమెంట్ నంబరు, కట్టిన మొత్తం, ఫీజు, ఫీజుపై పన్ను, సెటిల్‌మెంట్ నంబరు. వాటితో పాటు యూటీఆర్ అనే బదిలీ నంబరూ ఉంటుంది. బ్యాంకు స్టేట్‌మెంట్‌లోనూ అదే యూటీఆర్ కనిపిస్తుంది కాబట్టి రెండు కాగితాలనూ కలిపే ముడి అదే. తేదీనీ మొత్తాన్నీ చూసి కలపడం ప్రమాదం. ఒకే రోజు రెండు సెటిల్‌మెంట్లు పడితే అంతా తారుమారవుతుంది.

దుకాణం పుస్తకం పక్కన పెట్టి, బ్యాంకు వైపు నుంచి వెనక్కి వెళ్లడమే తేలిక. 61,895.20 జమ పక్కనున్న యూటీఆర్‌ను రిపోర్టులో వెతికితే ఒక సెటిల్‌మెంట్ నంబరు దొరుకుతుంది. ఆ నంబరున్న వరుసలన్నీ విడదీసి చూస్తే లోపలి సంగతి తెలుస్తుంది. అందులోని అమ్మకాలు 68,000. వాటిపై 2 శాతం ఫీజు 1,360. ఆ ఫీజుపై 18 శాతం జీఎస్టీ 244.80. పన్ను ఫీజు మీదే గాని చీర ధర మీద కాదు, చాలామంది ఇక్కడే తికమక పడతారు. ఈ రెండూ పోతే 66,395.20 రావాలి. ఇంకా 4,500 తక్కువొచ్చింది.

అదే సెటిల్‌మెంట్‌లో కింద ఒక వరుస మైనస్ గుర్తుతో ఉంది. రంగు నచ్చలేదని ఒకరు వెనక్కి పంపిన చీర అది. చీర అమ్మింది అంతకు ముందు వారం, దాని డబ్బూ ఆ వారమే వచ్చేసింది. రీఫండ్ ఇచ్చింది మాత్రం సోమవారం. గేట్‌వే ఆ 4,500ను దుకాణదారు బ్యాంకు ఖాతా నుంచి తీసుకోదు, రాబోయే సెటిల్‌మెంట్‌లో కోసుకుంటుంది. ఈ వారం ఆర్డర్లు ఎంత వెతికినా ఆ చీర కనిపించకపోవడానికి కారణం ఇదే. పాత పేమెంట్ నంబరు పట్టుకుని వెనక్కి వెళితేనే దొరుకుతుంది. ఇంకో మెలిక కూడా ఉంది. రీఫండ్ ఇచ్చినా, మొదట తీసుకున్న ఫీజును చాలా గేట్‌వేలు తిరిగి ఇవ్వవు. అమ్ముడుపోయి తిరిగొచ్చిన ఆ చీర ఖరీదు దుకాణానికి 106.20 రూపాయలు: ఫీజు 90, దానిపై పన్ను 16.20.

ఇప్పుడు బ్యాంకు లెక్క పైసాతో సహా సరిపోయింది. చాలామంది ఇక్కడే పుస్తకం మూసేస్తారు. కానీ ఆర్డర్ల పుస్తకంలో 72,200 ఉంది, రిపోర్టులో 68,000 ఉంది. మిగిలిన 4,200 ఎక్కడ? ఆర్డర్ నంబర్లను ఒక్కొక్కటిగా పోల్చితే ఒకటి రిపోర్టులో లేదు. డ్యాష్‌బోర్డులో దాని స్థితి `authorized` అని ఉంది, `captured` అని లేదు. కొనుగోలుదారు బ్యాంకు సరేనంది గాని, దుకాణం వెబ్‌సైట్ ఆ సొమ్మును ఖరారు చేసుకోలేదు. సాధారణంగా చెల్లింపు మధ్యలో నెట్ తెగిపోయి వెబ్‌సైట్‌కు సమాచారం అందనప్పుడు ఇలా జరుగుతుంది. గడువులోగా ఖరారు చేసుకోకపోతే ఆ డబ్బు దానంతటదే కొనుగోలుదారుకు తిరిగిపోతుంది. చీర ఈలోగా కొరియర్‌లో వెళ్లిపోయి ఉంటే నష్టం మొత్తం దుకాణానిదే. నా దృష్టిలో ఈ కసరత్తంతా చేయాల్సింది ఫీజు పైసల కోసం కాదు, ఇలాంటి వరుస ఒక్కటి గడువు దాటకముందే కంటపడటం కోసం.

పుస్తకంలో రాసే పద్ధతి కూడా దీనికి తగ్గట్టుండాలి. ‘గేట్‌వే నుంచి రావాల్సినది’ అని ఒక ఖాతా తెరిచి, అమ్మిన రోజే పూర్తి 72,200ను అందులో రాయాలి. సెటిల్‌మెంట్ వచ్చినప్పుడు బ్యాంకు జమ, ఫీజు ఖర్చు, ఫీజుపై పన్ను, రీఫండ్ నాలుగింటినీ వేర్వేరుగా అందులోంచి తీసేయాలి. ఇక్కడ ఆ నాలుగూ కలిసి సరిగ్గా 68,000. మిగిలిన 4,200 ఖాతాలో బయటికి కనిపిస్తూ ఉంటుంది, ఎవరూ వెతకనక్కర్లేదు. జీఎస్టీ నమోదు ఉన్న దుకాణమైతే, ఆ 244.80ను ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవడానికి గేట్‌వే నెలనెలా ఇచ్చే పన్ను ఇన్‌వాయిస్ కావాలి. దానికీ స్క్రీన్‌షాట్ పనికిరాదు.

ఎక్సెల్‌లో ఈ పని చేసేవారు మొదట ఒక చిక్కులో పడతారు. ఫైలుమీద రెండుసార్లు నొక్కి తెరిస్తే పన్నెండంకెల యూపీఐ నంబరు `4.12E+11` లాగా మారి కనిపిస్తుంది. 15 అంకెలు దాటిన నంబరుకైతే చివరి అంకెలు సున్నాలైపోతాయి, తిరిగి రావు. అందుకే ఫైలును దిగుమతి చేసేటప్పుడే ఆ నిలువు వరుసను `Text` అని ఎంచుకోవాలి. ఆ తర్వాత ఒక సెటిల్‌మెంట్ మొత్తాన్ని రాబట్టడానికి ఈ సూత్రం చాలు:

```
=SUMIFS(E:E, G:G, A2)
```

ఇక్కడ E వరుసలో ఫీజు, పన్ను పోగా మిగిలిన మొత్తాలు ఉంటాయి, రీఫండ్లు మైనస్‌తో ఉంటాయి. Gలో సెటిల్‌మెంట్ నంబర్లు, A2లో మీరు వెతికే నంబరు. జవాబు బ్యాంకు జమతో సరిపోవాలి. ఫీజును మొత్తం మీద 2 శాతమని మీరే లెక్కగడితే మాత్రం కొన్ని పైసలు తేడా రావచ్చు, ఎందుకంటే గేట్‌వే లావాదేవీకో లెక్క కట్టి గుండ్రం చేస్తుంది. కార్డుకు, నెట్ బ్యాంకింగ్‌కు, యూపీఐకి ఫీజు ఒకేలా ఉండకపోవచ్చు కాబట్టి ఒప్పందంలోని రేట్లు పక్కన ఉంచుకోవాలి.

పండగ తర్వాతి వారం, వాపసులు ఎక్కువున్నప్పుడు, అమ్మకం కంటే రీఫండ్లే ఎక్కువైన రోజు సెటిల్‌మెంట్ అసలు రాదు. లోటు మర్నాటికి బదిలీ అవుతుంది. నెలాఖరు అలాంటి రోజున పడితే ‘గేట్‌వే నుంచి రావాల్సినది’ ఖాతాలో మైనస్ కనిపిస్తుంది. అది తప్పు కాదు, ఆ రోజుకు దుకాణమే గేట్‌వేకు బాకీ. దాన్ని సున్నా చేయాలని ఏదో ఒక ఖర్చు పద్దు రాసి సర్దేస్తే వచ్చే నెల మొదటి సెటిల్‌మెంట్‌లో మళ్లీ అంతే తేడా వస్తుంది.