చిన్న అక్షరాల్లోనే అసలు ప్రయాణం

జనవరిలో ఏదో ఒక రోజుకు హైదరాబాద్ నుంచి డల్లాస్‌కు విమానం టికెట్లు వెతికితే తెర మీద ఇలాంటి వరుస ఒకటి ప్రత్యక్షమవుతుంది. వేళలు ఉదాహరణకు వేసుకున్నవే గానీ, తీరంతా నిజం పేజీల్లో కనబడేదే.

```
7:45 AM – 7:50 PM
American · Operated by British Airways
23 hr 35 min   HYD–DFW
1 stop   2 hr 45 min LHR
```

చివర పెద్ద అంకెల్లో ధర ఉంటుంది. చాలామంది కళ్లు ముందు ధర మీద పడతాయి, తర్వాత వేళల మీద. మధ్యలో ఉన్న బూడిదరంగు చిన్న అక్షరాలను దాటుకుని వేలు నేరుగా బుకింగ్ మీదికి వెళ్లిపోతుంది. ఎవరు తీసుకెళ్తారు, ఎలాంటి విమానంలో, ఎంత సామానుతో అనే సంగతులన్నీ ఉన్నది మాత్రం ఆ చిన్న అక్షరాల్లోనే.

ముందు వేళల సంగతి. పొద్దున 7.45కి బయల్దేరి రాత్రి 7.50కి చేరతారు, అదే తేదీన. పైకి చూస్తే పన్నెండు గంటల ప్రయాణం. అయితే బయల్దేరే వేళ హైదరాబాద్ గడియారానిది, చేరే వేళ డల్లాస్ గడియారానిది. చలికాలంలో డల్లాస్ మనకంటే పదకొండున్నర గంటలు వెనక ఉంటుంది. దాన్ని కలిపితే 23 గంటల 35 నిమిషాలు తేలుతుంది. అమ్మానాన్నలు కూర్చోవాల్సిన అసలు సమయం అది. లండన్ దాకా పదిన్నర గంటలు, అక్కడ రెండు గంటల నలభై ఐదు నిమిషాల ఆగుదల, మళ్లీ డల్లాస్‌కు పది గంటల ఇరవై నిమిషాలు. మార్చి రెండో ఆదివారం అమెరికాలో గడియారం ఒక గంట ముందుకు జరుగుతుంది కాబట్టి వేసవి టికెట్టుకు తేడా పదిన్నర గంటలే. ఈ లెక్కలు వేసుకోవడం ఇష్టం లేనివారు వేళలను పక్కనపెట్టి, వరుసలో విడిగా రాసిన మొత్తం గంటలనే నమ్మాలి. రెండు టికెట్లను పోల్చడానికి పనికొచ్చే అంకె అదొక్కటే.

తిరుగు ప్రయాణంలో చిక్కు ఇంకో రకం. పదో తారీఖు సాయంత్రం 5 గంటలకు డల్లాస్‌లో ఎక్కినవారు హైదరాబాద్‌లో దిగేసరికి పన్నెండో తారీఖు తెల్లవారుజాము 4 అవుతుంది. తెర మీద చేరే వేళ పక్కన పైకెత్తి రాసిన చిన్న `+2` చెప్పేది ఇదే. దాన్ని చూడకపోతే శంషాబాద్‌కు కారు ఒక రోజు ముందే వెళ్లి నిలబడుతుంది. గల్ఫ్ మీదుగా వెళ్లే విమానాలు చాలావరకు హైదరాబాద్ నుంచి అర్ధరాత్రి దాటాక బయల్దేరతాయి. 15వ తేదీ తెల్లవారుజామున 3 గంటల విమానానికి ఇంట్లోంచి కదలాల్సింది 14వ తేదీ రాత్రి. ఈ ఒక్క పొరపాటుతో విమానం పోగొట్టుకుంటే, ఆ టికెట్టు డబ్బు మొత్తంగా వెనక్కి రావడం కష్టం.

ఇప్పుడు అసలు వాక్యానికి వద్దాం: `Operated by British Airways`. టికెట్టు అమ్మింది అమెరికన్ ఎయిర్‌లైన్స్, విమానం నంబరు ముందు `AA` అని దాని అక్షరాలే ఉంటాయి. హైదరాబాద్‌లో వచ్చి నిలబడే విమానం మాత్రం బ్రిటిష్ ఎయిర్‌వేస్‌ది. పైలట్లు, సిబ్బంది, భోజనం, సీట్లు అన్నీ వాళ్లవే. అదే విమానానికి బ్రిటిష్ ఎయిర్‌వేస్ సొంత `BA` నంబరూ ఉంటుంది. ఒకే విమానాన్ని రెండు మూడు సంస్థలు తమతమ నంబర్లతో అమ్ముకునే ఈ పద్ధతినే కోడ్‌షేర్ అంటారు. అందుకే ఫలితాల పేజీలో ఒకే వేళకు బయల్దేరి ఒకే వేళకు చేరే వరుసలు రెండు మూడు కనబడతాయి. అవి వేర్వేరు విమానాలు కావు, ఒకదానికే వేర్వేరు అమ్మకందార్లు. ధరలు మాత్రం ఒక్కోసారి వేరుగా ఉంటాయి. కాబట్టి రెండింటినీ తెరిచి చూడటం మంచిది.

విమానం నంబరు నాలుగంకెలుంటే కోడ్‌షేర్ కావచ్చని కొందరు గుర్తుపెట్టుకుంటారు. అమెరికన్, యూరప్ సంస్థల విషయంలో అది చాలాసార్లు నిజమవుతుంది. ఇండిగో తన సొంత విమానాలకే నాలుగంకెల నంబర్లు వాడుతుంది కాబట్టి మన దగ్గర ఆ గుర్తు పనిచేయదు. ఆపరేటెడ్ బై అన్న మాటను వెతకడమే సరైన దారి.

ఆ మాట ఫలితాల మొదటి పేజీలోనే కనబడటం వెనక ఒక విషాదముంది. 2009 ఫిబ్రవరి 12 రాత్రి అమెరికాలో బఫెలో నగరం దగ్గర కాంటినెంటల్ కనెక్షన్ 3407 అనే విమానం ఒక ఇంటి మీద కూలి, నేల మీద ఉన్న ఒకరితో కలిపి 50 మంది చనిపోయారు. కాంటినెంటల్ పేరుతో టికెట్లు అమ్మిన ఆ విమానాన్ని నడిపింది కోల్గన్ ఎయిర్ అనే చిన్న ప్రాంతీయ సంస్థ. పైలట్ల శిక్షణ, అలసటలతో పాటు, విమానాన్ని నిజంగా ఎవరు నడుపుతున్నారో ప్రయాణికుడికి తెలియాలన్న డిమాండ్‌నూ మృతుల కుటుంబాలు వాషింగ్టన్ దాకా తీసుకెళ్లాయి. 2010లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టం ప్రకారం, టికెట్లు అమ్మే వెబ్‌సైట్లు వెతుకులాటకు వచ్చే మొదటి ఫలితంలోనే నడిపే సంస్థ పేరు చూపించాలి. మనం చదవకుండా దాటేస్తున్న ఆ రెండు మూడు పదాలను అక్కడ రాయించింది ఆ కుటుంబాలు.

ఆ పదాలతో ప్రయాణికుడికి చాలా పని ఉంది. చెకిన్ కౌంటరు నడిపే సంస్థదే ఉంటుంది. శంషాబాద్‌లో అమెరికన్ బోర్డు కోసం వెతికితే దొరకదు, బ్రిటిష్ ఎయిర్‌వేస్ వరుసలో నిలబడాలి. సీటు ఎంచుకోవడానికీ వెబ్ చెకిన్‌కీ తరచూ నడిపే సంస్థ తాలూకు వేరే పీఎన్‌ఆర్ కావాలి. టికెట్టులో అది కనబడకపోతే అమ్మిన సంస్థకు ఫోన్ చేసి అడిగి రాసుకోవాలి. లండన్ హీత్రో టెర్మినల్ కూడా దీన్నిబట్టే తేలుతుంది. అమెరికన్ విమానాలు 3వ టెర్మినల్ నుంచి వెళ్తాయి, బ్రిటిష్ ఎయిర్‌వేస్ 3, 5 టెర్మినళ్లు రెండూ వాడుతుంది. 5లో దిగి 3కు వెళ్లాలంటే బస్సెక్కాలి, మళ్లీ భద్రతా తనిఖీ ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు రెండు గంటల నలభై ఐదు నిమిషాలు అప్పుడు మరీ ఎక్కువేమీ కాదు, వీల్‌చైర్ ముందే అడగాలి. పెట్టె పోతే ఎవరిని పట్టుకోవాలన్న భయం మాత్రం అక్కర్లేదు. 2009లో భారత్ చేరిన మాంట్రియల్ ఒప్పందం ప్రకారం అమ్మిన సంస్థ మీదా, నడిపిన సంస్థ మీదా ఎవరి మీదైనా ఫిర్యాదు చేయవచ్చు.

ప్రయాణం డల్లాస్‌తో ముగియకపోతే ఇంకో పేరు కూడా కనబడుతుంది. ఆర్కాన్సాలోని బెంటన్‌విల్ వైపు వెళ్లేవారికి చివరి విమానం దగ్గర `Operated by Envoy Air as American Eagle` అని తగలవచ్చు. ఎన్వాయ్ అమెరికన్ గ్రూపుదే, నడిపేది ఎంబ్రాయర్ 175 లాంటి చిన్న జెట్లు. అమెరికాలో మొదట దిగిన ఊళ్లోనే ఇమిగ్రేషన్ పూర్తిచేసి, సాధారణంగా పెట్టెలు తీసుకుని కస్టమ్స్ దాటి, మళ్లీ అప్పగించాలి. కాబట్టి డల్లాస్‌లో గంటన్నర ఆగుదల చూపించే టికెట్టు ఎంత చవకైనా వదిలేయడమే క్షేమం.

వరుస పక్కనున్న బాణాన్ని నొక్కితే విమానం రకం బయటపడుతుంది. ఎకానమీలో బోయింగ్ 787 అంటే సాధారణంగా వరుసకు మూడు, మూడు, మూడు సీట్లు. 777 అయితే ఎక్కువ సంస్థల్లో మూడు, నాలుగు, మూడు, కాబట్టి భుజాల దగ్గర ఇరుకు ఎక్కువ. ఎయిర్‌బస్ ఎ330లో రెండు, నాలుగు, రెండు. భార్యాభర్తలిద్దరే వెళ్తుంటే ఎ330లో కిటికీ పక్కన జంట సీట్లు దొరుకుతాయి, రాత్రి బాత్రూమ్‌కు లేవడానికి పరాయి మనిషిని నిద్రలేపాల్సిన పని ఉండదు. 787, ఎ350 విమానాల్లో లోపలి గాలి ఒత్తిడి ఆరువేల అడుగుల ఎత్తుకు సమానంగా ఉంచుతారు, పాత రకాల్లో అది ఎనిమిది వేల అడుగుల దాకా వెళ్తుంది. పది గంటల ప్రయాణంలో ఆ తేడా ఒంటికి తెలుస్తుంది. అయితే సంస్థ విమానాన్ని చివరి నిమిషంలోనైనా మార్చవచ్చు, అందుకు పరిహారం అడగలేం. ఇద్దరు ముగ్గురు అమ్మకందార్ల మధ్య తేల్చుకోలేనప్పుడు మాత్రమే రకాన్ని బట్టి ఎంచుకోవాలి.

ఇక సామాను బొమ్మలు. చిన్న బ్యాగు బొమ్మ ఉంటే సీటు కింద పట్టే సంచి. చక్రాల పెట్టె బొమ్మ తల మీద అరలో పెట్టుకునేది, పెద్ద సూట్‌కేసు చెకిన్ చేసేది. బొమ్మ మీద అడ్డగీత ఉన్నా, బూడిదరంగులో వెలిసిపోయి ఉన్నా అది ఈ ధరలో లేదని అర్థం. మన దేశంలో చెకిన్ సామాను లేకుండా తక్కువ ధరకు అమ్మడానికి డీజీసీఏ 2021లో అనుమతి ఇచ్చింది. ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ అమ్మే ‘ఎక్స్‌ప్రెస్ లైట్’ అలాంటిదే. విదేశీ సంస్థల్లోనూ బేసిక్, లైట్ అన్న పేర్లుంటే ముందు ఆ సూట్‌కేసు బొమ్మనే చూడాలి.

అమెరికా టికెట్లలో సామాను లెక్క పెట్టెల్లో ఉంటుంది. రెండు పెట్టెలు, ఒక్కోటి 23 కిలోలు అనేది తరచూ కనబడే లెక్క. ఒకటి 26, ఇంకోటి 20 తూగితే మొత్తం 46 కిలోలే కదా అని వాదించడం కుదరదు, 26 ఉన్న పెట్టెకు అదనపు రుసుము పడుతుంది. శంషాబాద్ కౌంటర్ల ముందు పెట్టెలు తెరిచి పచ్చళ్ల సీసాలు అటూ ఇటూ మార్చేవాళ్లు కనబడేది ఇందుకే. గల్ఫ్ టికెట్లలో తరచూ ఉండే మొత్తం కిలోల లెక్కలో ఈ ఇబ్బంది ఉండదు, 30 కిలోలంటే రెండు పెట్టెల్లో ఎలాగైనా సర్దుకోవచ్చు.

విజయవాడవాళ్లకు ఇక్కడ ఇంకో ముప్పు ఉంది. డల్లాస్ టికెట్టు హైదరాబాద్ నుంచి తీసుకుని, విజయవాడ నుంచి హైదరాబాద్‌కు విడిగా ఇంకో టికెట్టు కొంటే, ఆ గంట విమానంలో మామూలుగా చెకిన్‌కు ఇచ్చేది 15 కిలోలే. మిగతా 31 కిలోలకూ అక్కడే డబ్బు కట్టాలి. పెట్టెలు హైదరాబాద్‌లో తీసుకుని మళ్లీ అప్పగించాలి, మొదటి విమానం ఆలస్యమైతే రెండోది పోయినట్టే. ఒకే టికెట్టులో ఉంటే, అమెరికాకు వెళ్లే ప్రయాణంలో మొదటి నుంచి చివరి దాకా ఒకే సామాను నిబంధన వర్తించాలని అమెరికా రవాణా శాఖ నియమం. ఫలితాల్లో `Separate tickets` అనో `Self transfer` అనో కనబడితే ఈ రక్షణ లేదని తెలుసుకోవాలి.

బొమ్మలు మాట తప్పవచ్చు, టికెట్టు తప్పదు. డబ్బు కట్టగానే వచ్చే ఈ-టికెట్టులో ప్రతి విమానం ఎదురుగా `2PC`, `1PC`, `0PC`, `30K` అని రాసి ఉంటుంది. రెండు పెట్టెలనుకున్నచోట `1PC` కనబడితే వెంటనే కదలాలి. అమెరికాకు వెళ్లే విమానానికి ఏడు రోజులు లేదా అంతకు ముందే, ఏజెంటు ద్వారా కాకుండా నేరుగా విమాన సంస్థ దగ్గరే కొన్న టికెట్టును 24 గంటల్లోపు రద్దు చేసుకుంటే సంస్థ పూర్తి డబ్బు వెనక్కివ్వాలి, లేదంటే డబ్బు కట్టకముందే 24 గంటలు ఆ ధరను నిలిపి ఉంచే వీలివ్వాలి. తన సంస్థ ఈ రెండింటిలో ఏది ఇస్తుందో కొనేముందే చూసుకుని, ఈ-టికెట్టును ఆ రోజే తెరిచి చదవండి.